విరేచనాల లెక్క కాదు.. మూత్రం చూడండి

కడుపు పాడైన మనిషిని ఆసుపత్రికి తీసుకొచ్చే కుటుంబాలకు ఒక లెక్క చాలా బాగా తెలిసి ఉంటుంది. ‘రాత్రి నుంచి ఎనిమిదిసార్లు అయ్యాయి సార్’ అనో, ‘పొద్దున నుంచి రెండే, బాగా తగ్గాయి’ అనో తడుముకోకుండా చెబుతారు. ‘చివరిసారి మూత్రానికి ఎప్పుడు వెళ్లారు?’ అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మా కోడుమూరు వైపు బేదులు అన్నా, ఇంకోచోట మోషన్స్ అన్నా, నీళ్ల విరేచనాల విషయంలో చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇదే. పోయినదాన్ని లెక్కపెడుతున్నాం. ఒంట్లో మిగిలినదాన్ని చూడటం లేదు. ఇంట్లోనే చూసుకోవచ్చా, డాక్టర్ దగ్గరకు వెళ్లాలా అన్నది తేల్చడానికి మొదటి ప్రశ్న కంటే రెండో ప్రశ్నే ఎక్కువ పనికొస్తుందన్నది నా అభిప్రాయం.

కడుపు బాధలు చాలా రకాలు. మంట, ఉబ్బరం, నొప్పి, మలబద్ధకం.. దేని ప్రమాద సంకేతాలు దానివే. ఈ వారం నీళ్ల విరేచనాల గురించి మాత్రమే మాట్లాడుకుందాం. ఎందుకంటే ఇంటి వైద్యం నిజంగా పనిచేసే జబ్బు ఇది. చాలామందికి రెండు మూడు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవడం మనకు అలవాటైంది. ఆ అలవాటే కొందరి విషయంలో ప్రాణం మీదకు తెస్తోంది.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. 2021 ఏప్రిల్‌లో పాణ్యం మండలం గోరుకల్లులోనూ, ఆదోనిలోనూ ఒక్కసారిగా పెద్దసంఖ్యలో జనం వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అలాంటి పరిస్థితే వచ్చింది. రెండుచోట్లా తాగునీటి మీదే అనుమానం వచ్చింది. నీటిని బాగుచేయడం ప్రభుత్వ బాధ్యత, అందులో రెండో మాట లేదు. కానీ పైపులైను మరమ్మతు అయ్యేలోపు మన ఇంట్లో ఒకరికి మొదలైతే ఎన్ని గంటలు ఆగాలి, ఎప్పుడు బయల్దేరాలి అన్నది కుటుంబమే తేల్చుకోవాలి. ఆ నిర్ణయానికి పనికొచ్చేవి నాలుగు మాటలు చెబుతాను.

మూత్రమే ఎందుకు?

మనం తాగే నీరు, నోట్లో ఊరే లాలాజలం, జీర్ణరసాలు అన్నీ కలిపి పేగుల్లోకి రోజుకు సుమారు ఎనిమిది, తొమ్మిది లీటర్ల ద్రవం చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పేగులు అందులో దాదాపు అంతా తిరిగి పీల్చుకుంటాయి. మలంతో బయటికి పోయేది ఒక గ్లాసు కూడా ఉండదు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఈ పీల్చుకునే పని దెబ్బతింటుంది. కొన్నిసార్లు ఒంట్లోని నీరే ఎదురు పేగుల్లోకి ఊరుతుంది. కలరా తీవ్రంగా ఉన్నవారిలో గంటకు లీటరు వరకూ పోవచ్చు.

ఒంట్లో నీరు తగ్గుతున్నప్పుడు శరీరం ముందు మెదడును, గుండెను కాపాడుకుంటుంది. అందుకోసం మిగతాచోట్ల కోత పెడుతుంది. మొదటి కోత పడేది మూత్రపిండాల మీదే. ఉన్న నీటిని బయటికి వదలకుండా పట్టి ఉంచుతాయి. అందుకే మూత్రం ముందు చిక్కటి పసుపుగా మారుతుంది, తరవాత కొద్దికొద్దిగా వస్తుంది, చివరికి రాకుండా పోతుంది. మనిషి ఇంకా మాట్లాడుతూ, నడుస్తూ ఉండగానే ఈ మార్పు మొదలవుతుంది. కళ్లు గుంతలు పడటం, ఒళ్లు చల్లబడటం, మాట తడబడటం తరవాతి సంగతులు. వాటికోసం ఎదురుచూస్తే ఆలస్యమైనట్టే.

కాబట్టి విరేచనాలు మొదలైన రోజు ఒక కాగితం తీసుకోండి. ఎన్నిసార్లు విరేచనం అయిందో రాసుకుంటే రాసుకోండి. దాని పక్కనే మూత్రం ఎప్పుడెప్పుడు వచ్చింది, రంగు ఎలా ఉందో కూడా రాయండి. పెద్దవాళ్లలో ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోయినా, వచ్చింది నాలుగు చుక్కలే అయి ముదురు రంగులో ఉన్నా ఓఆర్ఎస్ తాగుతూనే డాక్టర్ దగ్గరకు బయల్దేరాలి. విరేచనాలు తగ్గినా సరే, వెళ్లాల్సిందే.

ఈ కొలతకు ఒక పరిమితి ఉంది. షుగర్ బాగా పెరిగి ఉన్నవారికీ, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు వాడుతున్నవారికీ ఒంట్లో నీరు తగ్గినా మూత్రం వస్తూనే ఉండవచ్చు. అలాంటివారి విషయంలో మూత్రం వస్తోందని ధీమాగా ఉండకూడదు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, నాలుక పిడచగట్టుకుపోవడం, పిక్కలు పట్టేయడం వంటివాటిని కూడా చూడాలి.

‘ఆగిపోయాయి’ అన్న మాట వెనక

మేం తరచూ చూసే కేసు ఒకటి వివరంగా చెబుతాను. మనిషి ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. అరవై నాలుగేళ్ల రిటైర్డ్ ఉద్యోగి. పదేళ్లుగా బీపీ, షుగర్ ఉన్నాయి. బీపీకి టెల్మిసార్టన్, దాంతోపాటు మూత్రం వచ్చేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఒక శుభకార్యంలో భోంచేసి వచ్చారు. రాత్రి రెండు గంటలకు విరేచనాలు మొదలయ్యాయి. తెల్లారేసరికి ఆరుసార్లు అయ్యాయి.

పొద్దున కొడుకు మందుల షాపుకు వెళ్లి రెండు రకాల మాత్రలు తెచ్చాడు. ఒకటి విరేచనాలు కట్టే లోపెరమైడ్. రెండోది యాంటీబయాటిక్. ఒళ్లునొప్పులుగా ఉందంటే ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర కూడా వేశారు. బీపీ, షుగర్ మాత్రలు మానకూడదని ఎప్పుడో డాక్టర్ చెప్పారు కాబట్టి వాటినీ రోజూలాగే వేసుకున్నారు. నీళ్లు తాగితే మళ్లీ అవుతాయేమోనని భయపడి రెండు మూడు గుక్కలతో సరిపెట్టారు.

మధ్యాహ్నానికి విరేచనాలు ఆగాయి. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సాయంత్రం కడుపు కాస్త ఉబ్బరంగా ఉందన్నారు. నీరసంగా పడుకునే ఉన్నారు. సాయంత్రం ఆరు గంటలకు కొద్దిగా మూత్రం వచ్చింది, టీ డికాక్షన్ రంగులో. ఆ తరవాత రాత్రంతా రాలేదు. రాత్రి లేవకుండా నిద్రపోయారని భార్య సంతోషించారు. తెల్లవారి బాత్రూమ్‌కి వెళ్లడానికి లేచి గుమ్మం దగ్గరే పడిపోయారు.

ఆసుపత్రికి వచ్చేసరికి బీపీ 80/50. నాడి నిమిషానికి 120. మాట నెమ్మదించింది. మూత్రం బిగిసిపోయిందేమోనని ఇంట్లోవాళ్ల అనుమానం. స్కాన్‌లో చూస్తే మూత్రాశయం ఖాళీగా ఉంది. అంటే మూత్రం ఎక్కడా ఆగిపోలేదు, అసలు తయారవడమే లేదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగా 1.2 లోపు ఉండాలి, ఆయనకు 3.8 ఉంది. సెలైన్ ఎక్కించి, ఆ మాత్రలు తాత్కాలికంగా ఆపి, గంటగంటకూ మూత్రం కొలుస్తూ కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చింది. మర్నాటికి మూత్రం మొదలైంది. డయాలసిస్ అవసరం పడలేదు. క్రియాటినిన్ 1.3కి దిగడానికి పది రోజులు పట్టింది.

ఆ ఇంట్లో ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. అందరూ మేలు చేద్దామనే చూశారు. కానీ వారు చూసిన కొలత ఒక్కటే, విరేచనాల సంఖ్య. అది ఆరు నుంచి సున్నాకి వచ్చింది కాబట్టి నయమైందనుకున్నారు. నిజానికి లోపెరమైడ్ చేసేది పేగుల కదలికను మందగింపజేయడమే. ఇన్ఫెక్షన్ మీద దానికి పనిలేదు. బయటికి రావాల్సిన నీరు పేగుల్లోనే నిలిచి కడుపు ఉబ్బింది. పేగుల్లో నిలిచిన నీరు రక్తానికి ఉపయోగపడదు కాబట్టి నష్టం కొనసాగుతూనే ఉంది. సాయంత్రం ఆరు గంటలకు వచ్చిన ఆ ముదురు రంగు మూత్రమే ప్రమాదాన్ని చెప్పిన మొదటి సంకేతం. ఆ రాత్రి ఒకసారి కూడా లేవకపోవడం రెండోది. ఆ రెండింటిలో ఏ ఒక్కటి చూసి బయల్దేరినా పడిపోయే పరిస్థితి వచ్చేది కాదు.

రోజువారీ మాత్రలే ఎదురుతిరిగితే

ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలో యాభై దాటినవారు ఉంటే బీపీ, షుగర్ మాత్రల డబ్బా కూడా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ మాత్రలు మూత్రపిండాలను కాపాడతాయి. ఒంట్లో నీరు తగ్గిన రోజు మాత్రం వాటిలో కొన్ని భారమవుతాయి. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ వంటి మాత్రలు మూత్రపిండంలో ఒత్తిడిని తగ్గిస్తాయి. మూత్రం వచ్చేలా చేసే మాత్రలు ఉన్న నీటినీ బయటికి పంపుతాయి. వీటికి తోడు డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర వేస్తే మూత్రపిండానికి రక్తం వచ్చే దారి మరింత ఇరుకవుతుంది. మూడూ కలిసిన రోజున నీళ్ల విరేచనాలు తోడైతే ఏమవుతుందో పైన చూశాం.

షుగర్ మాత్రల్లోనూ రెండింటి విషయం చెప్పాలి. మూత్రపిండాలు పనిచేయనప్పుడు మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెంచే ప్రమాదం ఉంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూత్రంలో చక్కెరను పంపేటప్పుడు నీటినీ పంపుతాయి. తిండి తినకుండా వీటిని వేసుకుంటే షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు పెరిగి మనిషి కుప్పకూలవచ్చు.

అలాగని ఇది చదివి మాత్రలు మీరే ఆపేయకండి. విరేచనాలు మొదలైన రోజునే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి, ఏ మాత్రలు వాడుతున్నారో చెప్పి, ఈ రోజు ఏవి వేసుకోవాలి, ఏవి ఆపాలి అని అడగండి. కొన్నింటిని ఒకటి రెండు రోజులు ఆపి, మామూలుగా తిని తాగడం మొదలయ్యాక మళ్లీ వేసుకోమంటారు. ఇన్సులిన్ వాడేవారు తిండి తగ్గిందని సొంతంగా పూర్తిగా మానేయకూడదు, మోతాదు డాక్టరే చెప్పాలి. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత నీరు తాగాలో కూడా అడగాలి. అసలు ఈ మందులు వాడే అరవై దాటినవారికి నీళ్ల విరేచనాలు నాలుగైదుసార్లు అయ్యాయంటే, ఇంటి వైద్యంతో రెండు రోజులు చూద్దామనుకోకుండా ఆ రోజే చూపించుకోవడం మంచిదన్నది నా సలహా.

ఓఆర్ఎస్.. కొలత తప్పితే మందు కాదు

ఇంట్లో చేయగలిగిన వైద్యంలో దీనికి మించింది లేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్ సరిహద్దులోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు చాలలేదు. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో నింపి, బంధువుల చేతే రోగులకు తాగించారు. అంతకుముందు అక్కడ నూటికి ముప్పై మంది దాకా చనిపోతుంటే, ఆ తరవాత మరణాలు నాలుగు శాతం లోపునకు తగ్గాయి. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇందులోని కిటుకు చిన్నది. విరేచనాలతో పేగు దెబ్బతిన్నా ఒక దారి మాత్రం తెరిచే ఉంటుంది. గ్లూకోజు లోపలికి వెళ్తూ తనతో ఉప్పును తీసుకెళ్తుంది. ఉప్పు వెంట నీరు వెళ్తుంది. అయితే ఈ రెండూ సరైన పాళ్లలో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితోపాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి. మామూలు కూల్‌డ్రింకులో లీటరుకు వంద గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, ఉప్పు దాదాపు ఉండదు. అంత చక్కెర పేగులోకి చేరితే ఒంట్లో నీటిని తనవైపు లాక్కుంటుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఉత్త గ్లూకోజు నీళ్లు ఇచ్చినా ఉప్పు లేని లోటు అలాగే ఉండిపోతుంది.

ఈ విషయం మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తియ్యటి పానీయాలు అట్టడబ్బాల్లో అమ్ముతుంటే, వాటిని అసలైన ఓఆర్ఎస్ అనుకుని తల్లిదండ్రులు విరేచనాలయ్యే పిల్లలకు తాగిస్తున్నారన్నది ఆమె వాదన. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పదమే వాడకూడదని ఆదేశించింది. కాబట్టి కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చదవండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చేది ఆ సూత్రం ప్రకారం తయారైనదే.

ప్యాకెట్ సరైనదైనా కలపడంలో పొరపాట్లు జరుగుతుంటాయి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది, ముఖ్యంగా పసిపిల్లలకు. ప్యాకెట్‌లో సగం ఇప్పుడు, సగం రేపు అని అంచనాగా వేసినా పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ మీద ఎంత నీటికి అని రాసి ఉందో చూసి, కాచి చల్లార్చిన నీటిని కొలిచి, మొత్తం ఒకేసారి కలపండి. ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. ప్యాకెట్ దొరకని వేళ లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సరిపోతాయి. టీ చెంచాతోనే కొలవాలి, గోపురంలా కాకుండా సమంగా గీసి వేయాలి.

ఒక్కో విరేచనం తరవాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. పెద్దవాళ్లు తాగగలిగినంత తాగవచ్చు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో ఒకటి రెండు నిమిషాలకోసారి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. పలుచని మజ్జిగ, గంజి, మెత్తటి అన్నం పెట్టవచ్చు. కడుపు మాడిస్తే విరేచనాలు తగ్గుతాయన్నది నిజం కాదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు డాక్టర్ సలహాతో జింక్ రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున పద్నాలుగు రోజులు ఇస్తారు. విరేచనాలు తగ్గగానే ఆపకుండా పూర్తిగా ఇవ్వాలి.

ఇక ఆగకూడని సంకేతాలు

ఓఆర్ఎస్ తాగుతున్నా కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

- ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం, లేదా కొద్దిగా ముదురు రంగులో రావడం.
- నిలబడితే కళ్లు తిరగడం, కాళ్లూ చేతులూ చల్లబడటం, పిక్కలు పట్టేయడం.
- మనిషి మగతగా ఉండటం, సంబంధం లేకుండా మాట్లాడటం. పెద్దవయసువారిలో దీన్ని నీరసం అని సరిపెట్టుకోకూడదు.
- తాగింది తాగినట్టు వాంతి కావడం. నోటి ద్వారా నీరు నిలవకపోతే సెలైన్ తప్పదు.
- విరేచనంలో రక్తం, లేదా జిగటతోపాటు అధిక జ్వరం.
- బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనం ఆగకుండా ధారగా కావడం. కలరాను అనుమానించాలి, గంటలు కూడా ఆగకూడదు.
- వచ్చి పోయే నొప్పి కాకుండా, ఒకచోట స్థిరంగా ఉండి కదిలితే పెరిగే కడుపునొప్పి. అలాగే కడుపు ఉబ్బి, గాలి కూడా పోకపోవడం. ఇవి అపెండిక్స్ వాపు, పేగు మూసుకుపోవడం లాంటి ఆపరేషన్ జబ్బులు కావచ్చు.
- మూడు రోజులు దాటినా తగ్గకపోవడం.

పసిపిల్లల్లో గుర్తుపట్టడం ఇంకొంచెం కష్టం. నీళ్ల విరేచనంతో తడిసిన డైపర్‌ను చూసి మూత్రం వచ్చిందని పొరబడతారు. విరేచనాలు అవుతున్నన్ని రోజులు డైపర్ బదులు పలుచని గుడ్డ వాడితే తేడా తెలుస్తుంది. ఏడిస్తే కన్నీరు రాకపోవడం, మాడు లోపలికి కుంగడం, కళ్లు గుంతలు పడటం చూడాలి. కడుపు మీద చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. నెమ్మదిగా సర్దుకుంటే నీరు తగ్గిందని, రెండు సెకన్లకు మించి ముడతగానే ఉంటే ప్రమాదమని అర్థం. ముసలివారిలో చర్మం మామూలుగానే వదులుగా ఉంటుంది కాబట్టి వారికి ఈ పరీక్ష పనికిరాదు. బిడ్డ ఆబగా తాగుతుంటే దాహం వేస్తోందిలే అని ఊరుకోవద్దు, అది నీరు తగ్గిన గుర్తే. ఇంతసేపూ చిరాకుగా ఏడ్చిన బిడ్డ ఒక్కసారిగా మెత్తబడి, తాగడం కూడా మానేస్తే అది నిద్ర కాదు. ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలి. పిల్లలకు విరేచనాలు కట్టే మాత్రలు, మందునీళ్లు సొంతంగా అసలు ఇవ్వకూడదు.

షాపులోనూ, మా దగ్గరా మారాల్సినవి

రెండు అలవాట్ల గురించి నా అభిప్రాయం చెప్పాలి. మొదటిది మందుల షాపులో జరిగేది. బేదులు అనగానే యాంటీబయాటిక్ ఒకటి, కట్టే మాత్ర ఒకటి కాగితంలో చుట్టి ఇవ్వడం మామూలైపోయింది. నీళ్ల విరేచనాల్లో ఎక్కువ శాతం వైరస్‌ల వల్లో, కొద్దిరోజుల్లో తగ్గిపోయే క్రిముల వల్లో వస్తాయి. వాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. అక్కర్లేని యాంటీబయాటిక్ వల్ల కూడా విరేచనాలు అవుతాయి. రక్తం పడుతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు పేగు కదలికను ఆపే మాత్ర వేస్తే జబ్బు ముదురుతుంది. షాపులో మాత్ర ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడిగితే చాలు. మూత్రం ఎప్పుడు వచ్చింది? రక్తం పడుతోందా? బీపీ, షుగర్ మందులు వాడుతున్నారా? ఆ మూడింటికీ జవాబు సవ్యంగా ఉంటే ఇవ్వాల్సింది ఓఆర్ఎస్. లేకపోతే చెప్పాల్సింది ఆసుపత్రికి దారి.

రెండోది సెలైన్ మీద మనకున్న మోజు. రెండు విరేచనాలకే ఒక బాటిల్ ఎక్కించమని అడిగేవారు చాలామంది. తాగగలిగే మనిషికి నోటి ద్వారా ఇచ్చిన ఓఆర్ఎస్ కూడా సెలైన్ అంత బాగా పనిచేస్తుంది. సూది నొప్పి, ఖర్చు, ఇన్ఫెక్షన్ భయం ఉండవు. మరోవైపు, నిజంగా సెలైన్ అవసరమైన మనిషికి ఒక బాటిల్ ఎక్కించి ఇంటికి పంపడం కూడా ప్రమాదమే. పోయింది నాలుగు లీటర్లైతే అర లీటరు ఏ మూలకు? సెలైన్ ఎక్కిన తరవాత మూత్రం వచ్చిందా లేదా చూశాకే ఇంటికి వెళ్లాలి. డాక్టర్ చెప్పకపోతే మీరే అడగండి.

ఇంకొక్క మాట. మీ వీధిలో ఒకే రోజు మూడు నాలుగు ఇళ్లలో విరేచనాలు మొదలయ్యాయని తెలిస్తే అది ఎవరి ఇంటి తిండి సమస్యో కాకపోవచ్చు. వెంటనే ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో, సచివాలయంలోనో చెప్పండి. కుళాయి నీటిని పరీక్షకు పంపి, క్లోరినేషన్ చేయించడానికి ఆ కబురే ఆధారం. ఈలోపు తాగే నీటిని బాగా మరిగించి చల్లార్చి వాడండి. ఇంట్లో రెండు లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, లీటరు కొలత ఉన్న ఒక సీసా, డాక్టర్ ఫోన్ నంబరు, పెద్దవాళ్లు రోజూ వాడే మాత్రల పేర్లు రాసిన చీటీ ఒకేచోట పెట్టుకోండి. రాత్రి రెండు గంటలకు అవసరం పడేవి ఇవే.